‘శుక్రవారం లోపు’ అంటే శుక్రవారం కలిసినట్టా, కలవనట్టా?

ఒక డిగ్రీ కళాశాల 2026 విద్యా సంవత్సరానికి విద్యార్థుల కోసం చిన్న కరపుస్తకం వేస్తోందనుకుందాం. ఎడమ పేజీ ఇంగ్లిషు, కుడి పేజీ తెలుగు. ఇంగ్లిషు పేజీలో మూడు వాక్యాలున్నాయి. ప్రత్యేక తరగతులు జూన్ 8 నుంచి పన్నెండు వారాల పాటు ‘బై-వీక్లీ’గా జరుగుతాయని మొదటిది చెబుతోంది. దరఖాస్తులు ‘బై ఫ్రైడే, జూన్ 5’ కార్యాలయానికి చేరాలన్నది రెండోది. వేసవి సెలవుల కారణంగా కార్యాలయం ‘టిల్ మండే, జూన్ 1’ మూసి ఉంటుందన్నది మూడోది.

ప్రూఫ్ రీడర్‌కు ఇందులో అక్షరదోషం ఒక్కటీ దొరకదు. వ్యాకరణం బాగానే ఉంది, తేదీలకూ వారాలకూ పొంతన కుదిరింది. అయినా ఈ పేజీ ఇలాగే అచ్చుకు వెళితే ఒక విద్యార్థి ఆరు తరగతులకు సిద్ధపడతాడు, ఇంకొకడు ఇరవై నాలుగింటికి. ఒకరు దరఖాస్తు ఇవ్వడానికి ఐదు రోజులున్నాయనుకుంటారు, మరొకరు మూడే ఉన్నాయనుకుంటారు. నలుగురూ చదివింది అవే మాటలు. ఎవరూ తప్పుగా చదవలేదు కూడా.

ఇలాంటి చోట అనుభవం తక్కువైన ప్రూఫ్ రీడర్లు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు గమనించకుండా దాటిపోతారు. ఇంకొందరు గమనించి, తమకు తోచిన అర్థానికి తగ్గట్టు వాక్యాన్ని చక్కబెట్టేస్తారు. రెండో పొరపాటే ఎక్కువ చేటు. దాటిపోయిన చోట సందిగ్ధం కనీసం పైకి కనిపిస్తూనే ఉంటుంది, చదివినవాళ్లు ఫోన్ చేసి అడిగే అవకాశం ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా దిద్దిన చోట సందిగ్ధం మాయమై, దాని స్థానంలో స్పష్టమైన తప్పు కూర్చుంటుంది. స్పష్టంగా ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు.

ముందు ‘బై-వీక్లీ’ సంగతి చూద్దాం. ఇంగ్లిషులో ‘బై’ అనే ఉపసర్గ రెండు అనే భావాన్ని తెస్తుంది. అయితే రెండు వారాలకు ఒకసారా, వారానికి రెండుసార్లా అన్నది అది తేల్చదు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు రెండు అర్థాలనూ ఇస్తుంది. ‘బై-మంత్లీ’కీ ఇదే తిప్పలు: రెండు నెలలకోసారి, నెలకు రెండుసార్లు, రెండూ నిఘంటువుల్లో ఉన్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ శైలి పుస్తకం ఈ గొడవ తేల్చడానికి ‘బై-వీక్లీ’ అంటే రెండు వారాలకోసారి, ‘సెమీ-వీక్లీ’ అంటే వారానికి రెండుసార్లు అని నియమం పెట్టింది. మంచి నియమమే. కానీ అది ఆ పుస్తకాన్ని పాటించే విలేఖరులకు. కళాశాల కరపుస్తకం రాసిన అధ్యాపకుడు ఆ పుస్తకం చూసి రాశాడనడానికి ఆధారం లేదు. ప్రూఫ్ రీడర్‌కు నియమం తెలిసి ఉండటం వేరు, రచయిత మనసులో ఏముందో తెలియడం వేరు.

మన కరపుస్తకం లెక్కలో తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. పన్నెండు వారాల్లో రెండు వారాలకోసారి అయితే 6 తరగతులు, వారానికి రెండుసార్లు అయితే 24. తరగతికి 200 రూపాయల రుసుము అనుకుంటే ఒక లెక్కలో 1,200 రూపాయలు, ఇంకో లెక్కలో 4,800.

సందర్భం చూసి తేల్చుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్నిసార్లు నిజంగానే తేలుతుంది. రిజర్వ్ బ్యాంకు ‘బై-మంత్లీ’ పరపతి విధాన ప్రకటనను తెలుగు పత్రికలు ‘ద్వైమాసిక సమీక్ష’ అని రాస్తాయి. ఆ సమీక్షలు ఏడాదికి ఆరు. ఏడాది పొడవునా సమావేశాల తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి రెండు నెలలకోసారి అన్న అర్థం గట్టిగా నిలబడుతుంది. అక్కడ రచయితను ప్రశ్న అడిగితే ఆయన సమయం వృథా.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి జీతం దగ్గర ఇదే మాట ఎదురవుతుంది. అక్కడి జీతాల విభాగాల్లో ‘బై-వీక్లీ’ అంటే రెండు వారాలకోసారి జీతం, మామూలుగా ఏడాదికి 26 చెక్కులు. ‘సెమీ-మంత్లీ’ అంటే నెలకు రెండుసార్లు, ఏడాదికి 24. ఏడాదికి 78,000 డాలర్ల జీతం మొదటి పద్ధతిలో చెక్కుకు 3,000 డాలర్లు, రెండో పద్ధతిలో 3,250. కోతలు పోకముందు లెక్క ఇది. ఇక్కడ సందిగ్ధం లేనట్టే, ఎందుకంటే ఆ రంగంలో మాటకు అర్థం స్థిరపడింది. అయినా అదే జీతం గురించి తెలుగు వ్యాసంలో ‘పదిహేను రోజులకోసారి జీతం’ అని రాస్తే పాఠకుడు 26 అనుకోవాలో 24 అనుకోవాలో తెలియదు. అనువాదంలో కొత్త సందిగ్ధం పుట్టింది. ప్రూఫ్ రీడర్ ఇంగ్లిషు మాట ఉన్న చోటనే కాదు, దాన్ని విడగొట్టి చెప్పామనుకున్న తెలుగు మాట దగ్గర కూడా ఆగి చూడాలి.

‘పక్షం’ అనే మాట ఇందుకు మంచి ఉదాహరణ. పంచాంగంలో పక్షం అంటే పదిహేను తిథులు. వాడుకలో పదిహేను రోజులు. ఇంగ్లిషు ‘ఫోర్ట్‌నైట్’ మాత్రం కచ్చితంగా పద్నాలుగు. భారతీయ బ్యాంకుల లెక్కల్లో చాలాకాలం పక్షానికి ఇచ్చిన నిర్వచనం ఇలా ఉండేది: ఒక శనివారం మొదలై ఆ తర్వాత వచ్చే రెండో శుక్రవారంతో ముగిసే కాలం, రెండు రోజులూ కలుపుకుని. అంటే పద్నాలుగు రోజులు. బ్యాంకింగ్ చట్టాల సవరణ చట్టం, 2025 దీన్ని మార్చి, నెలలో ఒకటి నుంచి పదిహేనో తేదీ దాకా ఒక పక్షం, పదహారు నుంచి నెలాఖరు దాకా ఇంకో పక్షం అని పెట్టింది. ఒకప్పుడు ఏడాదికి ఇరవై ఆరు పక్షాలు, ఇప్పుడు ఇరవై నాలుగు. చట్టం రాసేవాళ్లు ‘పక్షం’ అని వదిలెయ్యకుండా ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఆ రోజులు కలుస్తాయా లేదా అన్నంత దూరం వెళ్లి చెప్పారంటే ఆ మాట తనంతట తాను ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది.

రెండో వాక్యం, ‘బై ఫ్రైడే’. ఇంగ్లిషులో దీనికి ఎక్కువ మంది చెప్పుకునే అర్థం శుక్రవారం గానీ అంతకు ముందు గానీ అని. తగాదా రోజు దగ్గర కన్నా గంట దగ్గర ఎక్కువ. శుక్రవారం ఉదయం కార్యాలయం తెరిచేసరికి బల్లమీద ఉండాలా, సాయంత్రం మూసేలోగా ఇస్తే చాలా, ఆన్‌లైన్‌లో అయితే రాత్రి 11.59 దాకా సమయం ఉందా?

తెలుగులోకి వచ్చేసరికి రోజు కూడా జారిపోతుంది. ‘శుక్రవారం నాటికి’ అన్నా ‘శుక్రవారానికల్లా’ అన్నా ఆ రోజు వచ్చేసరికి పని అయిపోయి ఉండాలన్న ఒత్తిడి ఉంది. ‘శుక్రవారం లోపు’, ‘శుక్రవారం లోగా’ అన్నవాటిని కొందరు శుక్రవారం కలిపి చదువుతారు, కొందరు గురువారంతో ఆపేస్తారు. ‘లోపల’ అనే భావం గడువు గీత ఇవతలే ఉండమంటుంది. ఆ గీత శుక్రవారానికి ముందు ఉందా, వెనక ఉందా అన్నది మాత్రం చెప్పదు. ఇందులో పామరులు, పండితులు అన్న తేడా లేదు. గడువులతో పని ఉన్న ఏ కార్యాలయంలోనైనా ఐదుగురిని అడిగితే ఒకే జవాబు రాదు.

‘శుక్రవారం అర్ధరాత్రి లోపు’ అంటే చిక్కు ఇంకొకటి. మన వాడుకలో తెల్లవారితేనే కొత్త రోజు. శుక్రవారం రాత్రి పన్నెండున్నరను చాలామంది శుక్రవారం అర్ధరాత్రి అనే అంటారు, రైల్వే టికెట్టు మీద అది శనివారం 00:30. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ చిక్కు తప్పించుకోవడానికి అర్ధరాత్రి అనే మాట బదులు 11.59 లేదా 12.01 అని వేసుకోమని సలహా ఇస్తుంది. ఒక్క నిమిషం జరిపితే రోజు ఏదో తేలిపోతుంది.

మూడో వాక్యంలోని ‘టిల్’ దగ్గర చాలామంది ప్రూఫ్ రీడర్లు తప్పు చోట శ్రమపడతారు. ‘టిల్’ అనేది ‘అన్‌టిల్’కు కురచ రూపం, కాబట్టి అచ్చులో పూర్తి మాట ఉండాలి అనుకుని దాన్ని దిద్దేస్తారు. నిజానికి రెంటిలో ‘టిల్’ పాతది, ‘అన్‌టిల్’ దాని మీద కట్టిన మాట. అర్థంలో తేడా లేదు. ‘టిల్’ మాటల్లో వినిపించే తీరు, ‘అన్‌టిల్’ కాస్త పద్ధతైన తీరు, అంతే. ఎవరైనా ‘టిల్’ ముందు అపాస్ట్రఫీ పెడితే అది తీసెయ్యవచ్చు, దానికి అడగనక్కరలేదు. ఈ మార్పుతో సమస్య తీరిందనుకుంటేనే ప్రమాదం. ఏ మాట ఉన్నా, సోమవారం కలుస్తుందా లేదా అన్న ప్రశ్న అక్కడే ఉంది.

‘సోమవారం టిల్ మూసి ఉంటుంది’ అని ఇంగ్లిషు వాక్యం అంటే, సోమవారం తెరుస్తారన్న అర్థమే ఎక్కువ మందికి తడుతుంది. అదే వాక్యాన్ని ‘కార్యాలయం సోమవారం వరకు మూసి ఉంటుంది’ అని తెలుగు చేస్తే, చాలామంది తెలుగువారు సోమవారం కూడా మూసి ఉంటుందని, మంగళవారం వెళ్లాలని అనుకుంటారు. మాటకు మాట సరిపోయింది, రోజు మారిపోయింది. ద్విభాషా పుస్తకాల్లో, కరపత్రాల్లో, బోర్డుల మీద ఇది కనబడకుండా జరిగే తప్పు. రెండు పేజీలనూ విడివిడిగా చదివిన ఇద్దరు ప్రూఫ్ రీడర్లకు ఏ పేజీలోనూ తప్పు దొరకదు.

తెలుగు దినపత్రికలు దీనికి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టుకున్నాయి. బడుల సెలవుల వార్తలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవులని రాసి ఊరుకోవు. ఫలానా తేదీన తిరిగి తెరుస్తారని ఇంకో ముక్క కలుపుతాయి. ఆ రెండో ముక్క ఉంటే ‘వరకు’ ఎలా చదివినా నష్టం లేదు.

ఇక కళాశాల పేజీకి తిరిగి వస్తే, కార్యాలయం జూన్ 1 సోమవారమే తెరిచి, దరఖాస్తులు శుక్రవారం కూడా తీసుకుంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు. మంగళవారం తెరిచి, గడువు గురువారంతో ముగిస్తే మూడే రోజులు. రెండు చిన్న మాటలు కలిసి రెండు రోజులు మింగేశాయి.

ఒక్క రోజు తేడాకు ఇంత పట్టింపు ఎందుకు అనేవారికి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చెక్కుల కేసులు జవాబు చెబుతాయి. చెల్లని చెక్కు కేసులో, నోటీసు అందుకున్న వ్యక్తికి ఇచ్చిన పదిహేను రోజుల గడువు దాటాక, ఫిర్యాదు చేసే హక్కు పుట్టిన తేదీకి నెలలోపు కోర్టుకు వెళ్లాలని చట్టం. సాకేత్ ఇండియా కేసులో ఆ హక్కు 1995 అక్టోబరు 15న పుట్టింది, ఫిర్యాదు నవంబరు 15న వేశారు. అక్టోబరు 15ను లెక్కలో వేసుకుంటే నెల నవంబరు 14తోనే పూర్తవుతుంది, ఫిర్యాదు ఒక రోజు ఆలస్యం. ఆ రోజును వదిలేస్తే సరిగ్గా గడువులోనే ఉంది. మొదటి రోజును వదిలెయ్యాలని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ఇంకో కేసులో మరో ధర్మాసనం వేరే లెక్క చెప్పింది. చివరికి 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈకాన్ ఆంత్రి కేసులో సాకేత్ తీర్పే సరైనదని తేల్చింది. ఒక్క రోజు లెక్క మీద ఒకే న్యాయస్థానంలో రెండు అభిప్రాయాలు వచ్చి, అది స్థిరపడటానికి పద్నాలుగేళ్లు పట్టింది.

జనరల్ క్లాజెస్ చట్టం, 1897లోని తొమ్మిదో సెక్షన్ కేంద్ర చట్టాల వరకు ఒక దారి చూపింది: ‘ఫ్రమ్’ అంటే మొదటి రోజు లెక్కలోకి రాదు, ‘టు’ అంటే చివరి రోజు వస్తుంది. కానీ మన కరపుస్తకం చట్టం కాదు. ‘తరగతులు జూన్ 8 నుంచి’ అన్న మాట చూసి, మొదటి రోజు లెక్కలోకి రాదు కాబట్టి తొమ్మిదో తేదీన వెళదామని ఏ విద్యార్థీ అనుకోడు. ఒకే మాటకు కోర్టులో ఒక అలవాటు, ఇంట్లో ఒక అలవాటు. ఏ అలవాటు ప్రకారం రాశారో రాసినవారికే తెలుసు.

అందుకే ప్రూఫ్ రీడర్ మార్జిన్‌లో ప్రశ్న రాస్తాడు. కాగితం ప్రూఫ్ మీద అయితే మాట చుట్టూ గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం వేసి, ప్రశ్నను సున్నాలో చుడతాడు, కంపోజ్ చేసేవారు దాన్ని దిద్దుబాటు అనుకుని పేజీలోకి ఎక్కించకుండా. కంప్యూటర్‌లో అయితే వ్యాఖ్యగా పెడతాడు, పాఠాన్ని ముట్టుకోడు. ప్రశ్న ఎలా రాస్తాడన్న దాన్ని బట్టే జవాబు వస్తుంది. ‘ఇది స్పష్టంగా లేదు’ అని రాస్తే రచయితకు తాను రాసింది స్పష్టంగానే కనిపిస్తుంది, ‘బాగానే ఉంది’ అని తిరిగి పంపుతాడు. తన మనసులో ఒకే అర్థం ఉన్నవాడికి రెండోది కనిపించదు. రెండు అర్థాలనూ తేదీలతో, అంకెలతో పక్కపక్కన పెట్టి చూపాలి.

కరపుస్తకానికి రాయాల్సిన మూడు ప్రశ్నలు దాదాపు ఇలా ఉంటాయి. మొదటిది: ‘పన్నెండు వారాల్లో మొత్తం 6 తరగతులా, 24 తరగతులా? 6 అయితే రెండు వారాలకోసారి అని, 24 అయితే వారానికి రెండుసార్లు అని మార్చమంటారా?’ రెండోది: ‘జూన్ 5 శుక్రవారం కూడా దరఖాస్తులు తీసుకుంటారా? తీసుకుంటే ఎన్ని గంటల దాకా?’ మూడోది: ‘కార్యాలయం తెరిచేది జూన్ 1 సోమవారమా, జూన్ 2 మంగళవారమా? తెరిచే తేదీనే వేద్దామా?’ ఒక్కో ప్రశ్నకూ ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. రచయిత ప్రయాణంలో ఉన్నా ఫోన్‌లో చూసి చెప్పేయగలడు.

ప్రశ్న రాసే ముందు ప్రూఫ్ రీడర్ చెయ్యాల్సిన పని ఒకటుంది. అదే పుస్తకంలో జవాబు ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి. వెనక పేజీలో రుసుముల పట్టిక ఉండి, అందులో ప్రత్యేక తరగతుల రుసుము 4,800 రూపాయలని ఉంటే మొగ్గు ఎటో తెలుస్తుంది. అప్పుడు కూడా మార్చెయ్యకుండా, ‘రుసుముల పట్టికను బట్టి 24 తరగతులు అనుకుంటున్నాం, సరేనా?’ అని అడగడం మేలు. పట్టికే పాత ఏడాదిది కావచ్చు. పోయినేడాది పేజీని కాపీ చేసి తేదీలు మాత్రం మార్చడం ఇలాంటి కరపుస్తకాల్లో సర్వసాధారణం.

ప్రతి ‘వరకు’ పక్కనా ప్రశ్నార్థకం పెట్టడం కూడా సరి కాదు. ‘చిన్నప్పటి నుంచి ఇప్పటివరకు’ అన్న చోట అడగడానికి ఏమీ లేదు. కథలో ఒక పాత్ర ‘శుక్రవారం లోపు వచ్చేస్తాలే’ అంటే అది ఆ పాత్ర మాట, అంత వదులుగా ఉండటమే దానికి అందం. ఆ మాటను నమ్మి ఎవరైనా డబ్బు కట్టడమో, ప్రయాణం పెట్టుకోవడమో, మాత్ర వేసుకోవడమో, హక్కు పోగొట్టుకోవడమో జరుగుతుందా అన్నదే గీటురాయి. జరిగే చోట తప్పకుండా అడగాలి. టెండర్ ప్రకటనలు, కోర్టు నోటీసులు, ఎవరో అన్న మాటను ఉన్నదున్నట్టు ఇచ్చిన వాక్యాలు ఇంకో జాతి. వాటిలో సందిగ్ధం కనబడినా ప్రూఫ్ రీడర్‌కే కాదు, డెస్కులో ఎవరికీ మార్చే హక్కు లేదు. పంపినవారిని అడగడం ఒక్కటే దారి.

జవాబు రాకుండానే అచ్చు సమయం ముంచుకొచ్చే రోజులూ ఉంటాయి. దినపత్రికలో అయితే రాత్రి ఎడిషన్ ఆగదు. అప్పుడు ప్రూఫ్ రీడర్ పాఠాన్ని ఉన్నట్టే వదిలి, ప్రశ్నకు జవాబు రాలేదని సబ్ ఎడిటర్‌కు రాతపూర్వకంగా చెబుతాడు. తేల్చే బాధ్యత పై వరుసకు వెళుతుంది. సబ్ ఎడిటర్ ఆ వాక్యాన్ని ఉంచొచ్చు, తీసెయ్యొచ్చు, వివరాలకు కార్యాలయాన్ని అడగండని ఫోన్ నంబరు వెయ్యొచ్చు. ఏం చేసినా తెలిసి చేసిన పని అవుతుంది.

జవాబు వచ్చిందనుకుందాం: 24 తరగతులు, శుక్రవారం సాయంత్రం 5 దాకా, కార్యాలయం సోమవారమే తెరుస్తారు. పని అక్కడితో అయిపోదు. తెలుగు పేజీలో అనువాదకుడు ‘పక్షానికోసారి’ అని రాసి ఉండొచ్చు, అది ‘వారానికి రెండుసార్లు’ కావాలి. ‘సోమవారం వరకు మూసి ఉంటుంది’ అన్నది ‘జూన్ 1 సోమవారం తెరుస్తారు’ కావాలి. ‘శుక్రవారం లోపు’ తీసేసి ‘జూన్ 5 శుక్రవారం సాయంత్రం 5 గంటల దాకా తీసుకుంటారు’ అని వెయ్యాలి. వెనక పేజీ టైమ్‌టేబుల్‌లో ప్రత్యేక తరగతికి వారంలో ఒక్క పీరియడే కేటాయించి ఉంటే దాని పక్కన కొత్త ప్రశ్న రాయాలి.